రాయగడ నుంచి విశాఖ ఆసుపత్రికి రాత్రి ప్రయాణం: ఏ దారి, ఏ బండి

రాయగడలో రాత్రి పది దాటాక "విశాఖ తీసుకెళ్లండి" అని డాక్టరు రాసిన చీటీ చేతిలో పడగానే ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుంటారు. ఎవరి కారు ఖాళీగా ఉంది, ఏ డ్రైవరు మేలుకొని ఉన్నాడు, ఎంత అడుగుతాడు అన్న వెతుకులాటలోనే అరగంట గడిచిపోతుంది. నన్నడిగితే బండి సంగతి మూడోది. రోగి ఒంట్లో ఏం జరుగుతోంది, దానికి గడువెంత అన్నది మొదట తేలాలి. ఆ గడువులోగా చేరగల ఆసుపత్రి ఏదన్నది తర్వాత తేలాలి. ఈ రెండూ తెలిస్తే ఏ దారిన వెళ్లాలో, ఏ బండి కావాలో పెద్దగా తర్జనభర్జన పడనక్కర్లేదు.

రాయగడ నుంచి విశాఖపట్నం రోడ్డు మీద సుమారు 190 కిలోమీటర్లు. రాత్రిపూట ఆగకుండా నడిపినా నాలుగున్నర గంటలు పడుతుంది, ఐదైనా ఆశ్చర్యం లేదు. "మావాడు మూడున్నర గంటల్లో దించేస్తాడు" అనే డ్రైవర్లు ఉంటారు. గుంతల్లో ఎగిరెగిరి పడే బండిలో గుండెజబ్బు మనిషిని మూడున్నర గంటలు కుదిపి దించడం ఘనకార్యమేమీ కాదు. లెక్కలన్నీ నాలుగున్నర గంటలతోనే వేసుకోండి.

ముందు గడువు

ఛాతీ నొప్పినే తీసుకుందాం, రాత్రిపూట ఊరు దాటించే జబ్బుల్లో అది ముఖ్యమైనది. ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలితే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. క్యాథ్ ల్యాబ్ అనే ప్రత్యేక గదిలో సన్నటి గొట్టం పంపి నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ ఒకటి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం రెండోది. యాంజియోప్లాస్టీ మెరుగైనదే, కాని ఈసీజీలో తేలినప్పటి నుంచి రెండు గంటల్లోగా అది జరిగే అవకాశం ఉన్నప్పుడే దాని కోసం ఆగాలి. అంత త్వరగా కుదరని చోట, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, రక్తస్రావం ముప్పు లేదని చూసుకొని ముందు ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలని హృద్రోగ వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. విశాఖ నాలుగున్నర గంటల దూరం కాబట్టి రాయగడ మనిషికి రెండు గంటల లెక్క ఎలాగూ కుదరదు. అంటే ఇంజెక్షన్ రాయగడలోనే పడాలి, బండి ఆ తర్వాతే కదలాలి.

ఇక్కడే చాలామంది తడబడతారు. "ఇక్కడ ఏమీ వద్దు, పెద్దాసుపత్రిలోనే చూపిస్తాం" అని రోగిని కారెక్కిస్తారు. జిల్లా కేంద్ర ఆసుపత్రి మీద నమ్మకం లేకపోవడం ఒక కారణమైతే, ఇక్కడ మందు వేస్తే అక్కడ వైద్యం మళ్లీ మొదటికొస్తుందన్న అపోహ మరో కారణం. నిజానికి ఇంజెక్షన్ పనిచేస్తే, ఆ తర్వాత 3 నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయించుకునే వెసులుబాటు దొరుకుతుంది. దారిలో గడిచే నాలుగున్నర గంటలూ అందులోనే ఇమిడిపోతాయి. మందు లేకుండా బయలుదేరితే అవే గంటల్లో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. కాబట్టి డ్యూటీ డాక్టరును అడగాల్సిన మాట ఇది: "గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు ఇక్కడ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే దారిలో దగ్గరగా ఎక్కడ ఇస్తారు?"

పక్షవాతం లెక్క ఇంకా కఠినం. మనిషి మామూలుగా ఉన్నట్టు చివరిసారి చూసిన సమయం నుంచి నాలుగున్నర గంటల్లోగా గడ్డ కరిగించే మందు పడాలి. మందు వేసే ముందు మెదడులో రక్తస్రావం లేదని సీటీ స్కాన్ తేల్చాలి. విశాఖ దాకా వెళ్తే గడువంతా దారిలోనే హరించుకుపోతుంది. కాబట్టి ఆ రాత్రి సీటీ తీసి, చూసి, మందు వేసే దగ్గరి చోటే మీ గమ్యం. అది రాయగడలోనే ఉండవచ్చు, పార్వతీపురమో విజయనగరమో కావచ్చు. "స్కాన్ ఉందా" అంటే ప్రతి ఆసుపత్రీ ఉందనే చెబుతుంది. "ఈ రాత్రి తీసే మనిషి ఉన్నాడా" అని అడగండి.

పాము కాటుకైతే, విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే ఊరు దాటే ముందే విరుగుడు పడాలి. వేరే మాట లేదు.

దారులు

మామూలు దారి మన పాత రాయగడ రోడ్డే. కూనేరు దగ్గర ఆంధ్రలోకి అడుగుపెట్టి, కొమరాడ మీదుగా పార్వతీపురం, అక్కడి నుంచి బొబ్బిలి, రామభద్రపురం. రామభద్రపురంలో సాలూరు వైపు నుంచి వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. అక్కడి నుంచి గజపతినగరం, విజయనగరం, తర్వాత 16వ నంబరు రహదారి ఎక్కి ఆనందపురం మీదుగా విశాఖ.

ఈ దారిలో పార్వతీపురం దాకా ఉన్న సుమారు 45 కిలోమీటర్లే అసలు చిక్కు. భారీ లారీల రాకపోకలకు రోడ్డు గుంతలు పడుతుంది, పూడుస్తారు, వానలు పడగానే మళ్లీ లేస్తుంది. గంటంపావుకు తక్కువ వేసుకోవద్దు. అలాగే కొమరాడ, పార్వతీపురం, గరుగుబిల్లి మండలాల్లో ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల గుంపు కొన్నేళ్లుగా తిరుగుతోంది. పగలు తోటల్లోనో చెరువు పక్కనో ఉండి, చీకటి పడ్డాక చేలల్లోకి దిగుతాయి, రోడ్డు దాటుతాయి. రాత్రి బయలుదేరే ముందు కొమరాడ వైపు తెలిసినవారికి ఒక ఫోను చేస్తే చాలు, ఆ రోజు అవి ఎక్కడున్నాయో చెప్పేస్తారు. ఆ ఊళ్లలో అది వాతావరణంలాగా అందరికీ తెలిసిన సంగతి. ఎదురుపడితే హారన్ కొట్టకూడదు, లైట్లు పెద్దవి చేయకూడదు. దూరంగా ఆగి, లైట్లు తగ్గించి, అవి దాటిపోయేదాకా ఉండాలి. అంబులెన్స్ అయితే సైరన్ కూడా ఆపించాలి. కంగారులో డ్రైవరుకు ఇది గుర్తుండదు, పక్కన కూర్చున్నవారే చెప్పాలి.

కోతల కాలంలో మరో గొడవ. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్లటి టార్పాలిన్ కప్పి వెళ్లిపోతారు. దగ్గరికి వచ్చేదాకా అది తారు రోడ్డులాగే కనిపిస్తుంది. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడుతున్నప్పుడు ఆ రాళ్ల మీదికి చక్రం ఎక్కితే బండి అదుపు తప్పుతుంది. డిసెంబరు, జనవరిల్లో మంచు కూడా తోడైతే పార్వతీపురం దాకా నలభై దాటి పోనివ్వకండి.

బొబ్బిలి చేరాక కొందరు డ్రైవర్లు "రాజాం మీదుగా చిలకపాలెం వెళ్లి హైవే ఎక్కేద్దాం, అక్కడి నుంచి నున్నటి రోడ్డు" అంటారు. చిలకపాలెం దగ్గర 16వ నంబరు రహదారి ఎక్కాక నిజంగానే కుదుపు ఉండదు, ఎదురు లారీల బెడదా ఉండదు. కాని దూరం ఇరవై ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది, హైవే ఎక్కేదాకా మళ్లీ రెండు వరుసల రోడ్డే. విరిగిన కాలో వెన్నెముక దెబ్బో ఉండి, ప్రాణానికి గండం లేదని డాక్టరు చెప్పిన రోగికైతే ఈ చుట్టుదారి మంచిదే, కుదుపు తగ్గడమే అతనికి ముఖ్యం. గుండె, ఊపిరి, మెదడు సంగతులైతే విజయనగరం దారే నా ఓటు. కారణం రోడ్డు నాణ్యత కాదు. ఆ దారిలో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వరసగా వస్తాయి. రోగికి తేడా చేస్తే ఎక్కడున్నా దాదాపు గంటలోపు ఏదో ఒక ఆసుపత్రి గేటు దొరుకుతుంది. పార్వతీపురంలో జిల్లా ఆసుపత్రి ఉంది. విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది, పక్కనే నెల్లిమర్లలో మరో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాత్రి దారిని ఎంచుకునేటప్పుడు వేగం కన్నా ఈ మజిలీలే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి.

ఆంధ్ర వైపు కాకుండా ఒడిశాలోనే ఉండిపోయే దారి కూడా ఉంది. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ సుమారు 110 కిలోమీటర్లు. అక్కడ 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. దూరం తక్కువ, కాని ఎక్కువ భాగం ఘాట్ రోడ్డు, ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, ఫోను సిగ్నల్ మధ్యమధ్య పోతుంది. మలుపుల్లో వాంతులు చేసుకునే రోగికి, స్పృహ సరిగా లేని రోగికి ఇది ఇబ్బంది. అయినా ఒక సందర్భంలో ఇదే సరైన దారి. డబ్బు లేదు, ఆంధ్రలో తెలిసినవారు లేరు, కోరాపుట్ ఆసుపత్రి డాక్టరు ఫోనులో "తీసుకురండి, చూస్తాం" అన్నాడు. అప్పుడు 108 బండిలో ఉచితంగా అక్కడికి వెళ్లడమే మేలు. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి పాతది, పెద్దది, కాని రాయగడ నుంచి రెండు వందల కిలోమీటర్లు పైనే, అందులో కొండదారి చాలా ఉంది. గుణుపూర్, పర్లాకిమిడి వైపు వారికి వేరే లెక్క ఉండవచ్చు. రాయగడ పట్టణం నుంచి రాత్రిపూట దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

బండి

108 గురించి ముందు. అది ఉచితం, సిబ్బంది ఉంటారు, ఆక్సిజన్ ఉంటుంది. ఇంటి నుంచి జిల్లా ఆసుపత్రికి చేరడానికి దానికి మించింది లేదు. కాని అది రాష్ట్ర ప్రభుత్వ సేవ. మీరు కోరిన ప్రైవేటు ఆసుపత్రికి, అదీ పక్క రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే సాధారణంగా కుదరదు. సరిహద్దు ఊళ్లలో మరో తిరకాసు ఉంది. ఫోను ఆంధ్ర టవర్ పట్టుకొని ఉంటే 108కు చేసిన కాల్ అటువైపు కేంద్రానికి పోవచ్చు. కూనేరు దరిదాపుల్లో ఉన్నవారు మాట మొదలుపెట్టగానే రాష్ట్రం, జిల్లా, ఊరు పేరు చెప్పాలి. ఫోను ఎత్తిన మనిషి తికమకపడితే వాదించకుండా మరో నెట్‌వర్క్ ఫోనుతో చేయాలి.

ఇక ప్రైవేటు అంబులెన్స్‌లు. పేరు ఒక్కటే గాని లోపల ఉండేవి వేరు. ఓమ్ని సైజు వ్యాన్లలో స్ట్రెచరు, ఒక సిలిండరు తప్ప ఏమీ ఉండదు. అది పడుకోబెట్టే కారు, అంతే. దాని పైన ప్రాథమిక సదుపాయాల బండి ఉంటుంది. అందులో ఆక్సిజన్, నోట్లోని ద్రవాలు లాగే సక్షన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. ఆ పైది ఐసీయూ అంబులెన్స్. అందులో మానిటర్, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్, వెంటిలేటర్ ఉంటాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడిన గుండె ఆ తర్వాతి గంటల్లో లయ తప్పవచ్చు. ఆ క్షణంలో పనికొచ్చేది డీఫిబ్రిలేటర్ ఒక్కటే. కాబట్టి గుండెపోటు రోగికి మూడో రకం, దొరక్కపోతే డీఫిబ్రిలేటరూ దాన్ని వాడే మనిషీ ఉన్న రెండో రకం అడగాలి. యంత్రం ఉండి వాడే మనిషి లేకపోతే అది బండికి బరువు మాత్రమే. "మీ వెంట వచ్చే బాబు పేరేమిటి, ఎక్కడ పని చేస్తాడు, ఇస్తారా ఒకసారి ఫోను" అని అడిగితే ఆ సంగతి ఒక్క నిమిషంలో బయటపడుతుంది.

ఐసీయూ బండి రాయగడలో ఆ రాత్రి దొరకకపోతే విశాఖ నుంచి పిలిపించుకోవడం ఒక ఆలోచన. అది ఖాళీగా రావడానికే నాలుగున్నర గంటలు, మళ్లీ వెళ్లడానికి నాలుగున్నర. ఊరికే ఎదురుచూసే బదులు ఎదురెళ్లడం మేలు. ఇక్కడి బండిలో మీరు బయలుదేరుతారు, అక్కడి నుంచి ఐసీయూ బండి వస్తుంది, మధ్యలో రోగిని మారుస్తారు. మార్చే చోటు తప్పనిసరిగా ఆసుపత్రి ఆవరణే కావాలి. పార్వతీపురం జిల్లా ఆసుపత్రి ఇందుకు సరిగ్గా సరిపోతుంది. రెండు బండ్లలో ఏది ఆలస్యమైనా రోగి వెలుగులో, నర్సు కంటి ముందు ఉంటాడు. పెట్రోలు బంకు దగ్గర, టీ కొట్టు దగ్గర మార్చుకుందామంటే ఒప్పుకోవద్దు.

సొంత కారు ఎప్పుడు? రోగి కూర్చోగలడు, మాట్లాడగలడు, ఆక్సిజన్ అక్కర్లేదు, దారిలో ప్రాణానికి ముప్పు లేదని డాక్టరు చెప్పాడు. అప్పుడు కారు హాయి, ఖర్చు తక్కువ, ముందు సీటు వెనక్కి వాల్చితే ఆయాసం ఉన్నవారికి స్ట్రెచరు కన్నా సుఖం. కాని ఊపిరి ఆగితే కారు సీటులో ఛాతీ మీద నొక్కి బతికించడం సాధ్యం కాదు. కొడుకే డ్రైవరైతే ఇంకో ఇబ్బంది. తండ్రి మూలిగిన ప్రతిసారీ అద్దంలోకి చూస్తాడు, రోడ్డు మీద నుంచి చూపు తప్పుతుంది. పైగా తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ. నడిపేది బయటి మనిషే కావాలి, పక్కన మేలుకొని ఉండే మరో మనిషి కావాలి.

అద్దె కారైతే పసుపు బోర్డుకు పక్క రాష్ట్రం పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. ఈ సరిహద్దులో గంజాయి కోసం రాత్రిపూట తనిఖీలు మామూలే. ఏ బండి అయినా సరే, రిఫరల్ చీటీ ముందు సీట్లో కూర్చున్నవారి చేతిలో ఉండాలి. వెనక సంచిలో అడుగున ఉంటే దాన్ని తీసేలోపు పది నిమిషాలు పోతాయి. అంబులెన్స్‌కు టోలు లేదు. బేరం మాట్లాడేటప్పుడు రానుపోను కిలోమీటర్లు, ఆక్సిజన్, వెంట వచ్చే మనిషి, నిరీక్షణ అన్నీ కలిపి ఎంతో ఒక్క మాట చెప్పించుకొని, అదే మాట వాట్సాప్‌లో రాయించుకోండి. విశాఖ చేరాక గేటు దగ్గర పేచీ పడే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆక్సిజన్ లెక్క

ఇది ఎవరూ అడగరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అంబులెన్స్‌లో సాధారణంగా ఉండేది బి-టైప్ సిలిండరు, మనిషి నడుము దాకా వచ్చే సన్నటి నల్ల గొట్టం, భుజాలు తెల్లగా ఉంటాయి. నిండుగా ఉంటే అందులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, పైన గేజి ముల్లు 150 దగ్గర ఉంటుంది. ముల్లు చూపించే అంకెను పదితో గుణిస్తే మిగిలిన లీటర్లు దాదాపుగా తెలిసిపోతాయి. ముల్లు 80 దగ్గర ఉంటే 800 లీటర్లు.

రోగికి నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టరు చెబుతాడు. ఐదు లీటర్లు అనుకుంటే నిండు సిలిండరు 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు వస్తుంది. విశాఖ ప్రయాణం నాలుగున్నర. చూడటానికి సరిపోయినట్టే ఉంది గాని, ఒక రైలు గేటు పడినా, ఒక టైరు పంక్చరైనా చేతిలో ఏమీ మిగలదు. పది లీటర్లు కావాలంటే రెండున్నర గంటలే, పార్వతీపురం దాటి గజపతినగరం చేరేలోపే అయిపోతుంది. కాబట్టి ఐదు లీటర్లకు రెండు సిలిండర్లు, పది లీటర్లకు మూడు. ఇంజను వేడెక్కకముందే, బండి ఇంకా మీ గుమ్మంలో ఉండగానే గేజి చూడండి. సిలిండరు తెరిచి చూపించమని అడగండి, ఎందుకంటే మూసి ఉన్నప్పుడు ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. "నిండుగానే ఉందండీ" అన్న మాటకు ముల్లు సాక్ష్యం చెప్పాలి. మార్చడానికి స్పానరు బండిలో ఉందా అన్నదీ చూడండి. రెండో సిలిండరు ఉండి, స్పానరు లేక, నడిరోడ్డు మీద లారీ ఆపి అడుక్కున్న సంగతులు ఈ దారి డ్రైవర్లు కథలుగా చెబుతారు.

ఒక రాత్రి లెక్క

అరవై దాటిన పెద్దాయన. రాత్రి 10:30కు ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేయి లాగుడు. గ్యాస్ అనుకొని పావుగంట సోడా తాగారు, ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. 10:50కు ఆటోలోనో 108లోనో జిల్లా ఆసుపత్రి చేరారు. 11:00కు ఈసీజీ, పెద్ద గుండెపోటు. ఇప్పుడు ఇంట్లోవారు రెండుగా విడిపోవాలి. ఒకరు డాక్టరు దగ్గర ఉండి ఇంజెక్షన్ గురించి మాట్లాడతారు. పెద్దాయనకు ఈ మధ్య ఆపరేషన్ అయిందా, తలకు దెబ్బ తగిలిందా, ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారా అని డాక్టరు అడుగుతాడు. దాచకుండా చెప్పాలి. 11:30కు ఇంజెక్షన్ పడింది. ఆ సమయాన్ని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

రెండో మనిషి బయట ఫోనులో ఉన్నాడు. ఈసీజీని ఫొటో తీసి విశాఖలో రెండు ఆసుపత్రులకు పంపాడు. "గుండె డాక్టరు ఉన్నారా" అని అడగలేదు. "ఈ రాత్రి క్యాథ్ ల్యాబ్ నడుస్తోందా, ఐదింటికి వస్తే చేసే బృందం ఉందా, మంచం ఖాళీగా ఉందా" అని అడిగాడు. ఒకరు సరేనన్నారు, మాట్లాడిన డాక్టరు పేరు రాసుకున్నాడు. ఐసీయూ బండి రాయగడలో దొరకలేదు. విశాఖ నుంచి ఒకటి 11:45కు బయలుదేరి పార్వతీపురం రావడానికి ఒప్పుకుంది, మూడు గంటల పైచిలుకు పడుతుంది కాబట్టి సుమారు మూడింటికి చేరుతుంది.

ఇప్పుడు వెంటనే పరుగెత్తాలా? నా సలహా, అక్కర్లేదు. ఇంజెక్షన్ పడిన గంట, గంటన్నర తర్వాత మళ్లీ ఈసీజీ తీస్తారు. నొప్పి తగ్గి, ఎత్తుగా లేచిన గీత సగానికి పైగా దిగితే మందు పనిచేసినట్టు. ఆ గంటన్నర జిల్లా ఆసుపత్రి మానిటర్ కింద గడవడమే క్షేమం, బండి ఎలాగూ మూడింటికి గాని పార్వతీపురం రాదు. ఒంటిగంటకు తీసిన రెండో ఈసీజీ బాగుంది. 1:30కు ఇక్కడి ప్రాథమిక సదుపాయాల బండి కదిలింది, రెండు సిలిండర్లతో. పావు తక్కువ మూడుకు పార్వతీపురం జిల్లా ఆసుపత్రి చేరి, పావుగంట ఆగి, మూడింటికి ఐసీయూ బండిలోకి మారారు. ఐదింటికి విజయనగరం, ఆరుంపావుకు విశాఖ. ఇంజెక్షన్ పడి ఏడు గంటలు కూడా కాలేదు, యాంజియోగ్రామ్ గడువు ఇంకా చాలా మిగిలే ఉంది. ఐదింటికి అని చెప్పిన ఆసుపత్రికి ఆలస్యం సంగతి పార్వతీపురం నుంచే ఫోను చేసి చెప్పారు.

ఒంటిగంట ఈసీజీలో గీత దిగలేదు, నొప్పి తగ్గలేదు అనుకోండి. లెక్క మారిపోతుంది. అప్పుడు అత్యవసరంగా యాంజియోప్లాస్టీ కావాలి, ఒక్క నిమిషం ఆగకూడదు. డాక్టరు ఒప్పుకుంటే ఉన్న బండిలో అప్పుడే బయలుదేరి, ఐసీయూ బండిని పార్వతీపురం దాకా రమ్మనకుండా బొబ్బిలిలోనే ఆసుపత్రి ఆవరణలో ఎదురుచూడమనాలి. దారిలో ఫోను చేసి విజయనగరంలో ఆ రాత్రి క్యాథ్ ల్యాబ్ ఎక్కడ నడుస్తోందో కనుక్కోవాలి. అక్కడ దొరికితే విశాఖ ఊసే ఎత్తవద్దు, గంటకు పైగా మిగులుతుంది. దారిలో రోగి స్పృహ తప్పినా, ఊపిరి ఎగబీల్చినా ముందున్న మొదటి ఆసుపత్రిలోకి బండి తిప్పాలి. "ఇంకో గంటే కదా" అనే మాట ఆ పూట ఎవరి నోటా రాకూడదు.

విశాఖ శివార్లలో ఒక జాగ్రత్త. ఆనందపురం దగ్గర కొత్త ఆరు వరుసల రోడ్డు పెందుర్తి, అనకాపల్లి వైపు చీలుతుంది. చీకట్లో, నిద్రమత్తులో డ్రైవరు నేరుగా అదే పట్టుకుంటే నగరాన్ని చుట్టేసి పోతారు. మధురవాడ, హనుమంతవాక వైపు దిగాలి. విమ్స్, ఆరిలోవ దగ్గరి హెల్త్ సిటీ ఆసుపత్రులు హనుమంతవాక పక్కనే, అంటే నగరంలోకి వెళ్లకముందే వస్తాయి. కింగ్ జార్జ్ ఆసుపత్రి మహారాణిపేటలో, సముద్రం వైపు, నగరం అవతలి అంచున. తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద కూడా ఈ రెండింటి మధ్య ఇరవై నిమిషాల దాకా తేడా వస్తుంది. ఆసుపత్రిని మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

కార్డు సంగతి బయలుదేరే ముందే చూసుకోవాలి. ఆంధ్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ఆ రాష్ట్రంవారికి, మన ఒడిశా రేషన్ కార్డుతో అది రాదు. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి, ఆయుష్మాన్ కార్డు ఉన్నవారికి పక్క రాష్ట్రంలోనూ ఆ పథకంలో నమోదైన ఆసుపత్రుల్లో అది చెల్లుతుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా విడిగా కార్డు ఇస్తారు. అయితే ఆసుపత్రి పథకంలో ఉన్నా గుండె విభాగం అందులో లేకపోవచ్చు. "ఒడిశా ఆయుష్మాన్ కార్డు మీద యాంజియోప్లాస్టీ చేస్తారా" అని క్యాథ్ ల్యాబ్ కోసం ఫోను చేసినప్పుడే అడిగేయండి. సందేహం ఉంటే 14555కు చేయవచ్చు. రోగి ఆధార్, కార్డు, వాడుతున్న మందుల చీటీ, రెండు ఈసీజీలు ఒకే కవరులో పెట్టి రిఫరల్ చీటీతో పాటు ముందు సీట్లోవారికి ఇవ్వండి. ఫోను ఛార్జరు కూడా ఆయన దగ్గరే ఉండాలి.